ట్యాగ్ ధర నుంచి కొన్న ధరకు: బట్టల కొట్టులో స్టాకు విలువ అంచనా కట్టడం

కుర్తీల సెక్షన్ ఒక్కదానిలోనే నాలుగైదు వేల పీసులుంటాయి. జైపూర్ నుంచి వచ్చినవి కొన్ని, సూరత్ నుంచి వచ్చినవి కొన్ని. ఒకే డిజైన్ మూడుసార్లు తెప్పిస్తే మూడుసార్లూ మూడు రేట్లు పడి ఉంటాయి. నెలాఖరున బ్యాంకుకు స్టాకు స్టేట్‌మెంట్ ఇవ్వాలంటే ఒక్కో పీసుకు కొనుగోలు బిల్లు వెతకడం అయ్యే పని కాదు. అయితే ప్రతి పీసు మీదా అమ్మే ధర ట్యాగ్ వేలాడుతూనే ఉంటుంది. ఆ ధర పట్టుకుని వెనక్కి నడిచి కొన్న ధరను అంచనా కట్టే పద్ధతినే రిటైల్ పద్ధతి అంటారు. మన లెక్కల ప్రమాణం ఏఎస్-2 కూడా దీన్ని ఒప్పుకుంటుంది, కాకపోతే షరతులున్నాయి. సరుకు రకాలు చాలా ఉండి వేగంగా మారుతూ ఉండాలి, వాటి మీద లాభం శాతం ఇంచుమించు ఒకేలా ఉండాలి, వేరే పద్ధతిలో ఖరీదు కట్టడం ఆచరణలో కష్టం కావాలి. ప్రతి బార్‌కోడ్‌కూ కొన్న ధర సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఎక్కుతున్న కొట్టుకు ఈ అంచనా అక్కర్లేదు. అక్కడ ఇది ఆ లెక్కను సరిచూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

కూడికలూ తీసివేతలూ ఎవరికైనా వస్తాయి. లెక్క తప్పేది తగ్గింపుల దగ్గర. అందుకే ఇక్కడ ఏప్రిల్ 1 నుంచి జులై 31 వరకు, ఆషాఢం సేల్ కూడా కలిసొచ్చేలా ఒక కుర్తీల సెక్షన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు లెక్క అర్థమయ్యేందుకు వేసుకున్నవి.

మొదట సెక్షన్లు విడగొట్టండి

అమ్మే ధరలో కొన్న ధర ఎంత శాతమో అదే ఈ పద్ధతిలో నిష్పత్తి. కొట్టు మొత్తానికి ఒకే నిష్పత్తి వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. స్కూల్ యూనిఫాంల మీద లాభం పలచగా ఉంటుంది, కుర్తీల మీద బాగా ఉంటుంది. రూ. 16 లక్షలకు కొన్న యూనిఫాంల ట్యాగ్ విలువ రూ. 20 లక్షలు, రూ. 60 లక్షలకు కొన్న కుర్తీల ట్యాగ్ విలువ కోటి అనుకుందాం. యూనిఫాంలలో నిష్పత్తి 80 శాతం, కుర్తీలలో 60. జూన్‌లో బడులు తెరిచేసరికి యూనిఫాంలు దాదాపు అయిపోయాయి. జులై ఆఖరుకు ట్యాగ్ ధరల్లో యూనిఫాంలు 2 లక్షలు, కుర్తీలు 40 లక్షలు మిగిలాయి. విడివిడిగా లెక్కేస్తే మిగిలిన సరుకు ఖరీదు 1.6 లక్షలు, 24 లక్షలు, మొత్తం 25.6 లక్షలు. రెండూ కలిపి 63.33 శాతం అనే సగటు వేస్తే 26.6 లక్షలు వస్తుంది. ఎప్పుడో అమ్ముడైపోయిన యూనిఫాంల పలచని లాభం ర్యాకులో ఉన్న కుర్తీల ఖరీదును పెంచేసింది. అలా లేని లక్ష రూపాయల సరుకు పుస్తకంలో పుట్టింది.

కాబట్టి లాభం శాతం ఎక్కడ మారుతుందో అక్కడ సెక్షన్ విడగొట్టాలి. చీరలు, కుర్తీలు, మగవాళ్ల రెడీమేడ్, పిల్లల బట్టలు, తిరుప్పూర్ హోజియరీ, యూనిఫాంలు, ఇలా. పట్టుచీరలూ రోజువారీ కాటన్ చీరలూ ఒకే అంతస్తులో ఉన్నాయని ఒకే సెక్షన్‌లో వేయకూడదు. అలాగని ముప్ఫై సెక్షన్లు పెడితే బిల్లింగ్ కౌంటర్‌లో కోడ్లు తప్పు కొడతారు. ఆరేడుతో మొదలుపెట్టడం మేలు.

జీఎస్టీ తీసేయండి, రెండు వైపులా

ట్యాగ్ మీద ధరలో పన్ను కలిసి ఉంటుంది. పుస్తకంలో అమ్మకాలు పన్ను లేకుండా ఎక్కుతాయి. ఒకదానిలో పన్ను ఉంచి ఇంకోదానిలో తీసేస్తే లెక్క మొత్తం పక్కకు పోతుంది. కింద పట్టికలో వచ్చే కుర్తీల సెక్షన్‌లో అమ్మకాలు పన్ను లేకుండా 62 లక్షలు, నిష్పత్తి 60 శాతం. ఎవరైనా కౌంటర్ రిపోర్టులోని 65.1 లక్షలు వేశారంటే మిగులు స్టాకు ట్యాగ్ ధరల్లో 3.1 లక్షలు, కొన్న ధరలో 1.86 లక్షలు తగ్గిపోతుంది. ర్యాకుల్లో సరుకు పుస్తకంలో కంటే ఇంత ఎక్కువ తేలితే ముందు చూడాల్సింది ఇదే.

5 శాతం పన్నున్న కుర్తీ ట్యాగ్ 1,050 అయితే దాన్ని 1.05తో భాగించి 1,000గా రాసుకోవాలి. 1,050లో 5 శాతం తీసేస్తే 997.50 వస్తుంది, అది తప్పు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు విలువ 2,500 దాకా ఉన్న రెడీమేడ్ దుస్తుల మీద 5 శాతం, దాటితే 18 శాతం పన్ను. ఇక్కడో మెలిక ఉంది. 2,999 ట్యాగ్ ఉన్న డ్రెస్‌లో పన్ను లేని ధర సుమారు 2,542. ట్యాగ్ మీద 20 శాతం తగ్గిస్తే కొన్నవాళ్లు ఇచ్చేది 2,399, అప్పుడది 5 శాతం పన్ను పరిధిలోకి వస్తుంది కాబట్టి పన్ను లేని ధర సుమారు 2,285. అంటే కొట్టు నిజంగా వదులుకున్నది దాదాపు 257 రూపాయలే. తగ్గింపు 600 అని సాఫ్ట్‌వేర్ చూపించిందని అదే అంకె ఎక్కించకూడదు.

కొన్న ధరలోనూ ఇదే నియమం. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే కొట్టు కొనుగోళ్లను పన్ను లేకుండా వేయాలి. జీఎస్టీ కాంపొజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు క్రెడిట్ రాదు, వాళ్లకు కట్టిన పన్ను కూడా ఖరీదులో భాగమే.

రెండు గళ్లు, ఒక షీటు

ప్రతి సెక్షన్‌కూ రెండు గళ్లు కావాలి: కొన్న ధర ఒకటి, అమ్మే ధర ఒకటి. సరుకు దిగినప్పుడే ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో రెండూ ఎక్కాలి. జైపూర్ కుర్తీ 591కి పడింది, లారీ కిరాయి, హమాలీ కలిపితే దాదాపు 9 రూపాయలు, ట్యాగ్ 1,050, పన్ను తీస్తే 1,000. ఇంతే రాయాల్సింది. ట్యాగ్ ధర తర్వాత రాద్దామనుకుంటే ఆ గడి ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది.

| వివరం | కొన్న ధర | అమ్మే ధర |
|---|---|---|
| ఏప్రిల్ 1న ఉన్న సరుకు | 18,00,000 | 30,00,000 |
| కొనుగోళ్లు | 39,60,000 | 64,00,000 |
| లారీ కిరాయి, హమాలీ | 60,000 | – |
| వ్యాపారికి వాపసు పంపినవి | −1,20,000 | −2,00,000 |
| నికర పెంపులు | – | 3,00,000 |
| అమ్మకానికి ఉన్న మొత్తం | 57,00,000 | 95,00,000 |
| నికర తగ్గింపులు | – | −7,50,000 |
| నికర అమ్మకాలు | – | −62,00,000 |
| సిబ్బంది రాయితీ | – | −40,000 |
| తరుగు అంచనా | – | −60,000 |
| జులై 31న ఉండాల్సిన సరుకు | – | 24,50,000 |

పెంపులంటే సరుకు దిగాక ట్యాగ్ ధర పెంచినవి, అవి కుడి గడిలోనే వస్తాయి. లారీ కిరాయి ఎడమ గడిలోనే వస్తుంది, ఎందుకంటే దానివల్ల ట్యాగ్ మారదు. రేటు తేడాకు వ్యాపారి క్రెడిట్ నోటు ఇస్తే అదీ ఎడమ గడిలోనే తగ్గుతుంది. వాపసు పంపిన సరుకు మాత్రం రెండు గళ్లలోనూ తగ్గాలి. గుమాస్తాలు ఎక్కువగా మరిచిపోయేది ఈ కుడి గడినే. పార్సిల్ సూరత్ తిరిగి వెళ్లిపోయింది, డెబిట్ నోటూ వేశారు, కానీ ట్యాగ్ ధరల్లో 2 లక్షలు పుస్తకంలోనే ఉండిపోయాయి. ఆ సరుకు స్టాకు లెక్కలో ఎప్పటికీ దొరకదు.

నిష్పత్తి 57 లక్షల్ని 95 లక్షలతో భాగిస్తే 60 శాతం. మిగులు 24.5 లక్షల్లో 60 శాతం అంటే 14.7 లక్షలు. ఎక్సెల్‌లో కొన్న ధర B గడిలో, అమ్మే ధర C గడిలో, పై పట్టికలోని ‘ఏప్రిల్ 1న ఉన్న సరుకు’ 2వ వరసలో ఉందనుకుంటే సూత్రాలు ఇవి. తీసివేతల్ని మైనస్ గుర్తుతోనే నింపాలి.

```
B7:  =SUM(B2:B6)
C7:  =SUM(C2:C6)
C12: =SUM(C7:C11)
B13: =B7/C7
B12: =C12*B13
```

అమ్మిన సరుకు ఖరీదు 57 లక్షల్లో 14.7 పోగా 42.3 లక్షలు. 62 లక్షల అమ్మకం మీద స్థూల లాభం 19.7 లక్షలు, అంటే 31.8 శాతం. దీన్ని ఇంకో దారిలో సరిచూడొచ్చు. 62 లక్షల్లో 40 శాతం 24.8 లక్షలు. తగ్గింపులు, రాయితీ, తరుగు కలిపి 8.5 లక్షలు, వాటిలో 60 శాతం 5.1 లక్షలు తీసేస్తే మళ్లీ 19.7 వస్తుంది. రాకపోతే షీటులో ఎక్కడో గుర్తు తారుమారైందన్నమాట.

తగ్గింపులు: అసలు కష్టం ఇక్కడ

పట్టికలో 7.5 లక్షల తగ్గింపులు ఎక్కించడం మరిచిపోయారనుకోండి. మిగులు 32 లక్షలుగా కనబడుతుంది, 60 శాతం చొప్పున 19.2 లక్షలు. స్టాకు, దానితోపాటే లాభం, 4.5 లక్షలు ఎక్కువ. సేల్ నడిచిన నెలలో లాభం శాతం తగ్గకుండా మామూలుగానే కనబడిందంటే సంతోషించకుండా తగ్గింపుల రిజిస్టర్ తెరిచి చూడాలి.

తగ్గింపు రెండు రకాలుగా జరుగుతుంది. ట్యాగ్ మార్చి కొత్త ధర అంటించేది ఒకటి, ట్యాగ్ అలాగే ఉంచి బిల్లు దగ్గర తగ్గించేది ఇంకొకటి. మొదటిదాన్ని ట్యాగ్ మార్చిన రోజే పీసుల లెక్కతో రాయాలి. రెండోదాన్ని ప్రతి రాత్రి కౌంటర్ డిస్కౌంట్ రిపోర్టు నుంచి తీసుకోవాలి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న స్కీములో వెయ్యి చొప్పున రెండు పీసులు వెళ్లి వెయ్యి వస్తుంది, మిగతా వెయ్యి తగ్గింపే. బేరం ఆడే కొట్లలో మేనేజర్ ‘పోనీలే అమ్మా, ఏడొందలియ్యి’ అన్న ప్రతిసారీ ఒక తగ్గింపు జరిగినట్టే. బిల్లు మీద ట్యాగ్ ధర, తగ్గింపు వేరువేరుగా పడకుండా నేరుగా 700 కొడితే ఆ తేడా ఎక్కడా కనబడదు. బేరమే నడిచే పట్టుచీరల సెక్షన్‌కు ఈ పద్ధతి అంతగా కుదరకపోవడానికి కారణం అదే.

సేల్ అయ్యాక మిగిలిన పీసులకు పాత ట్యాగ్ తిరిగి వేస్తే అది పెంపు కాదు, తగ్గింపు రద్దు. ఈ సెక్షన్‌లో మొత్తం తగ్గింపులు 8 లక్షలు, రద్దయినవి 50 వేలు, అందుకే నికరంగా 7.5 లక్షలు. ఆ 50 వేలను పెంపుల్లో వేస్తే అమ్మే ధర మొత్తం 95.5 లక్షలకు పెరిగి నిష్పత్తి 59.69కి జారుతుంది. ఒక సెక్షన్‌లో ఇది ఏడెనిమిది వేల తేడా మాత్రమే, కానీ ప్రతి సేల్‌కూ పేరుకుంటుంది. సేల్‌లో కొన్న పీసును తిరిగిచ్చినప్పుడు కూడా అంతే. 800కి వెళ్లిన కుర్తీ వాపసు వచ్చి 1,000 ట్యాగ్‌తో ర్యాకుకు చేరితే 800 అమ్మకాల్లోంచీ 200 తగ్గింపుల్లోంచీ తీసేయాలి.

ఇక అందరూ వాదించుకునే ప్రశ్న. నిష్పత్తి కట్టేటప్పుడు కింద 95 లక్షలు వేయాలా, తగ్గింపులు తీసేసిన 87.5 లక్షలు వేయాలా? మొదటిదానికి 60 శాతం, స్టాకు 14.7 లక్షలు. రెండోదానికి 65.14 శాతం, స్టాకు 15.96 లక్షలు. తేడా 1.26 లక్షలు. పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని జాగ్రత్త లెక్క అని, రెండోదాన్ని సగటు ఖరీదు అని చెప్పి ఊరుకుంటాయి. ఏది నిజానికి దగ్గరో తేలాలంటే ధర తగ్గించిన పీసులు ఇప్పుడు ఎక్కడున్నాయో చూడాలి.

600కి పడిన కుర్తీకి 1,000 ట్యాగ్ వేశారు, ఆషాఢంలో 800 చేశారు. అలాంటివన్నీ అమ్ముడైపోతే ర్యాకుల్లో ఉన్నది మామూలు ధర సరుకే, దానికి 60 శాతమే సరైన ఖరీదు. సగటు లెక్క అక్కడ స్టాకును పెంచి చూపిస్తుంది. అవే కుర్తీలు అమ్ముడుకాకుండా 800 ట్యాగ్‌తో వేలాడుతుంటే 60 శాతం లెక్క ఒక్కోదాన్ని 480 అంటుంది. అది కొన్నది 600కి, ఇప్పటికీ 800కి అమ్ముడవుతుంది. ఏఎస్-2 ప్రకారం ఖరీదు, అమ్మితే చేతికొచ్చే నికర మొత్తం, ఈ రెంటిలో తక్కువది వేయాలి. కాబట్టి అది 600 ఉండాలి. 480 వేస్తే ఈ ఏడాది లాభాన్ని వచ్చే ఏడాదికి తోసినట్టవుతుంది. మొదటి ధర కంటే తగ్గించిన సరుకును లెక్కలోకి తీసుకునే నిష్పత్తి వాడాలని ప్రమాణమే చెబుతుంది, ఆడిటర్ అడిగేదీ ఇదే.

దీనికి తేలికైన మార్గం, తగ్గించిన సరుకును వేరే ర్యాకులో పెట్టి వేరే వరసలో లెక్కేయడం. మిగిలిన 24.5 లక్షల్లో 4 లక్షలు తగ్గించిన సరుకనీ, వాటి పాత ట్యాగులు 5 లక్షలనీ అనుకుందాం. పాత ట్యాగ్ మీద 60 శాతం వేస్తే వాటి ఖరీదు 3 లక్షలు. అమ్మితే 4 లక్షలొస్తుంది, అమ్మకం ఖర్చులు పోయినా 3 లక్షలకు పైనే, కాబట్టి 3 లక్షలే వేయాలి. మిగతా 20.5 లక్షలకు 60 శాతం 12.3 లక్షలు. మొత్తం 15.3 లక్షలు, పై రెండు లెక్కల మధ్యలో పడింది. అవే పీసుల్ని సగం ధరకు, అంటే 2.5 లక్షలకు, దించి ఉంటే అప్పుడు 3 లక్షలు వేయకూడదు. 2.5 లక్షల్లో అమ్మకం ఖర్చులు తీసేసి మిగిలినదే విలువ. దీనికి కావలసిందల్లా తగ్గించేటప్పుడు పాత ధర కనబడేలా ట్యాగ్ మీద గీత కొట్టడం. పాత ట్యాగ్ పీకేసి కొత్తది వేసే అలవాటున్న కొట్లలో ఈ సమాచారం చెత్తబుట్టలోకి పోతుంది.

సిబ్బందికిచ్చే రాయితీ, తరుగు మాత్రం నిష్పత్తిని ముట్టుకోవు. అవి మిగులులోంచి తగ్గుతాయి, అంతే. అమ్మకాల్లోంచి తీసేది ఖాతాదారులు వాపసిచ్చిన సరుకు మాత్రమే.

ర్యాకుల దగ్గర సరిచూడటం

పట్టికలోని తరుగు 60 వేలు గత లెక్కల్లో తేలిన సుమారు 1 శాతం మీద వేసిన ఊహ. ఏడాదికి ఒక్కసారైనా, పెద్ద సెక్షన్లలో రెండుసార్లు, సరుకును చేత్తో లెక్కపెట్టాలి. ఈ పద్ధతిలో ఉన్న సుఖం, లెక్కించేవాళ్లకు కొన్న ధర తెలియనక్కర్లేదు. ట్యాగులు స్కాన్ చేసి కూడితే చాలు.

లెక్క మొదలుపెట్టేముందు బిల్లింగ్ ఆపి, దిగి బిల్లు ఎక్కని పార్సిళ్లను ఒక మూలకు చేర్చాలి. ఆల్టరేషన్‌కు దర్జీ దగ్గర ఉన్నవి, అప్రూవల్ మీద ఇళ్లకు పంపినవి, బొమ్మల మీద ఉన్నవి వేరే కాగితం మీద రాయాలి. డబ్బు కట్టేసి ఆల్టరేషన్‌లో ఉన్న డ్రెస్ మన సరుకు కాదు, అప్రూవల్ మీద వెళ్లినది మనదే.

లెక్కలో 24.1 లక్షలు తేలిందనుకుందాం. తరుగు ఊహ వేయకముందు ఉండాల్సింది 25.1 లక్షలు. అంటే నిజమైన తరుగు లక్ష, అమ్మకాల మీద 1.6 శాతం. ఊహించిన దానికంటే 40 వేలు ఎక్కువ. ఆ పీసులు మామూలు ధర సరుకులోవైతే కొన్న ధరలో 24 వేలు తగ్గి స్టాకు 15.06 లక్షలవుతుంది.

ఈ లక్షనంతా దొంగల ఖాతాలో వేయకముందు మూడు చూడాలి. వాపసు పార్సిళ్లకు కుడి గడి తగ్గించారా, బిల్లు దగ్గరి తగ్గింపులన్నీ ఎక్కాయా, సెక్షన్ కోడ్లు తప్పు పడ్డాయా. కుర్తీల్లో తక్కువ, పక్కనున్న లెగ్గింగ్స్‌లో దాదాపు అంతే ఎక్కువ వస్తే అది కోడ్ తప్పు. సేల్ రోజుల తర్వాతే తేడా పెరిగితే తగ్గింపు ఎక్కలేదు. లెక్కలో సరుకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ వస్తే అది శుభవార్త కాదు. సరుకు ఎవరికీ తెలియకుండా కొట్టులోకి నడిచిరాదు. ఇన్‌వర్డ్‌లో ట్యాగ్ ధర తక్కువ రాసి ఉంటారు, ధర పెంచి రిజిస్టర్‌లో రాయకుండా వదిలేసి ఉంటారు, లేదా బిల్లు ఎక్కకుండానే పార్సిల్ విప్పేసి ఉంటారు.

ఆగస్టు 1న కొత్త షీటు తెరిచేటప్పుడు రెండు గళ్లూ ముందుకు తేవాలి. మామూలు సరుకు 12.06 లక్షలు కొన్న ధర, 20.1 లక్షలు అమ్మే ధర. తగ్గించిన సరుకు వేరే వరసలో 3 లక్షలు, 4 లక్షలు. ఈ రెండు వరసలనూ కలిపేస్తే నిష్పత్తి మొదటి రోజే 62.5 దగ్గర మొదలవుతుంది, శ్రావణమాసం పెళ్లిళ్లకు వచ్చే కొత్త సరుకు ఖరీదంతా దానితో కలిసి పైకి జరుగుతుంది.